కొండ మీద ఒంటరిగా పెరిగిన మనిషికి అల్లాహ్‌ను తెలుసుకునే బాధ్యత ఉందా? మాతురీదీ, అష్అరీ పండితుల మాట

ప్రశ్న: మాతురీదీలు బుద్ధికి విలువ ఇస్తారు, అష్అరీలు ఇవ్వరు, అంతా వహీ మీదే వదిలేస్తారు అని చదివాను. నిజమేనా? ప్రవక్త మాటే చెవిన పడని మనిషి దేవుణ్ణి నమ్మకపోతే ఈ ఇద్దరి లెక్కలో అతని సంగతేంటి?

జవాబు:

అస్సలాము అలైకుమ్ భాయ్. మీరు చదివిన ఆ మాట చాలా చోట్ల కనిపిస్తుంది. నేను మద్రసాలో చదువుకునే రోజుల్లో నా నోట్‌బుక్‌లో కూడా అదే రాసుకున్నాను. ఒక గీత గీసి, అటు ‘బుద్ధి’, ఇటు ‘వహీ’ అని రెండు వరసలు. మా ఉస్తాద్ అది చూసి, చదవమని ఇమామ్ జువైనీ రాసిన ‘ఇర్షాద్’ మొదటి పేజీ తెరిచి నా ముందు పెట్టారు. జువైనీ అష్అరీ పండితుల్లో పెద్దవారు, ఇమామ్ గజాలీకి గురువు. ఆయన పుస్తకం ఎక్కడ మొదలవుతుందో తెలుసా? వయసొచ్చిన, బుద్ధి ఉన్న మనిషి మీద పడే మొట్టమొదటి బాధ్యత, ఈ లోకానికి ఒక ఆరంభం ఉందని తెలిసేలా సరైన ఆలోచనకు పూనుకోవడమే అని. బుద్ధిని ఒప్పుకోని వాళ్లు పుస్తకాన్ని ఆ మాటతో మొదలుపెట్టరు కదా. నేను ఆ రోజే నా నోట్‌బుక్‌లోని ఆ రెండు వరసల పేజీ చింపేశాను.

అసలు చిక్కంతా రెండు వేర్వేరు ప్రశ్నలను ఒకటిగా కలిపేయడం వల్ల వస్తుంది. మొదటిది: మనిషి తన బుద్ధితో, ఎవరూ చెప్పకుండానే, సృష్టికర్త ఉన్నాడని తెలుసుకోగలడా? దీనికి ఇద్దరూ గలడనే అంటారు. రెండోది: అలా తెలుసుకోవడం అతని మీద వాజిబ్ అవుతుందా? అంటే తెలుసుకోకపోతే పరలోకంలో శిక్షకు గురవుతాడా? తేడా ఇక్కడే ఉంది. మొదటిది బుద్ధికి ఉన్న శక్తి గురించిన ప్రశ్న. రెండోది బాధ్యత ఎక్కడి నుంచి పుడుతుందన్న ప్రశ్న. ఈ రెండూ విడివిడిగా పట్టుకుంటే మిగతాదంతా తేలికగా అర్థమవుతుంది.

మాతురీదీ, అష్అరీ అన్నవి ఇస్లామీ విశ్వాస శాస్త్రంలో రెండు సంప్రదాయాలు, ముందు వాటికి పేరిచ్చిన మనుషుల గురించి నాలుగు మాటలు. ఇమామ్ అబుల్ హసన్ అష్అరీ బస్రాలో పుట్టారు, బగ్దాద్‌లో హిజ్రీ 324లో (క్రీ.శ. 935–36) పోయారు. చాలాకాలం ముఅతజిలా పండితుల దగ్గర చదివి, తర్వాత వాళ్లతో తెగతెంపులు చేసుకున్నారు. ఇమామ్ అబూ మన్సూర్ మాతురీదీ సమర్‌ఖంద్‌వారు, ఇప్పటి ఉజ్బెకిస్తాన్. ఆయన హిజ్రీ 333లో (క్రీ.శ. 944) పోయారు. ఒకే కాలంవాళ్లే అయినా ఇద్దరూ ఒకరినొకరు చూసుకోలేదు. కానీ ఇద్దరి ఎదురుగా ఉన్న వాదం ఒక్కటే, ముఅతజిలాల వాదం. బుద్ధే స్వయంగా బాధ్యతను విధిస్తుందని, అల్లాహ్ ఏం చేయాలో కూడా ఆ బుద్ధే చెబుతుందని వాళ్లు అనేవారు. ఆ వాదానికి బస్రా నుంచి వచ్చిన వ్యక్తి ఒక రకంగా, సమర్‌ఖంద్‌లో ఇమామ్ అబూ హనీఫా శిష్య పరంపరలో పెరిగిన వ్యక్తి మరో రకంగా జవాబు చెప్పారు.

సమర్‌ఖంద్ వాళ్ల వాదానికి మూలం ఇమామ్ అబూ హనీఫా పేరుతో వచ్చిన రెండు వాక్యాలు. ఆకాశాలను, భూమిని, తన సొంత పుట్టుకను చూస్తూ కూడా తనను సృష్టించినవాడు తెలియలేదని చెప్పుకోవడానికి ఎవరికీ సాకు లేదన్నది ఒకటి. అల్లాహ్ ప్రవక్తనే పంపకపోయినా సరే, బుద్ధితో ఆయన్ను తెలుసుకోవడం మనుషులకు వాజిబ్ అయ్యుండేదన్నది రెండోది. ఇమామ్ మాతురీదీ, ఆయన వెనక సమర్‌ఖంద్ పండితులు ఈ మాటలను ఉన్నవి ఉన్నట్టే తీసుకున్నారు.

అయితే వీళ్లకూ ముఅతజిలాలకూ తేడా ఏముంది అని అడగొచ్చు. ఒక ముఖ్యమైన తేడా ఉంది, పుస్తకాల్లో దీన్ని చాలామంది దాటేస్తారు. ముఅతజిలాల దగ్గర బాధ్యతను విధించేది బుద్ధే. మాతురీదీల దగ్గర విధించేది అల్లాహ్ ఒక్కడే, బుద్ధి ఆ సంగతిని తెలియజేసే సాధనం మాత్రమే. ఇలా అనుకోండి. ఇంట్లో దీపం వెలిగించారు, ఆ వెలుతురులో గోడ మీద యజమాని అతికించిన నోటీసు కనబడింది. ఆ నోటీసు రాసింది దీపం కాదు. దీపం లేకపోతే మాత్రం మీకది కనబడేది కాదు. అయితే ఆ దీపం వెలుతురు ఎంత దూరం పడుతుంది? సృష్టికర్త ఉన్నాడు, ఒక్కడే, ఆయనకు జ్ఞానం ఉంది, శక్తి ఉంది, ఆయనకు కృతజ్ఞత చూపాలి, ఆయనకు సాటి కల్పించకూడదు. అంతవరకే. నమాజు రోజుకు ఐదుసార్లని, రోజాలు రమజాన్‌లోనే అని ఏ బుద్ధీ చెప్పలేదు. ఈ సంగతి సమర్‌ఖంద్ వాళ్లూ ఒప్పుకుంటారు.

ఇప్పుడు అష్అరీల మాట. వాళ్లు బుద్ధిని తక్కువ చేయలేదు, ‘వాజిబ్’ అన్న పదానికి అర్థం ఏమిటని గట్టిగా అడిగారు. మంచి, చెడు అన్న మాటలను మనం మూడు రకాలుగా వాడతామని తర్వాతి అష్అరీ పండితులు విడదీసి చెప్పారు. జ్ఞానం మంచిది, అజ్ఞానం చెడ్డది అన్నప్పుడు పరిపూర్ణత, లోపం అన్న అర్థం. తీపి మంచిది, చేదు చెడ్డది అన్నప్పుడు మనకు నచ్చడం, నచ్చకపోవడం అన్న అర్థం. ఈ రెండూ బుద్ధికి తెలుస్తాయని అష్అరీలు నిస్సంకోచంగా ఒప్పుకుంటారు. మూడో అర్థం వేరు: ఈ పని చేస్తే అల్లాహ్ దగ్గర పుణ్యం, వదిలేస్తే శిక్ష. పరలోకంలో జరగబోయేది ఇక్కడున్న బుద్ధికి ఎలా తెలుస్తుంది? చెప్పేవాడు చెబితేనే తెలుస్తుంది. వాజిబ్ అంటే వదిలేస్తే శిక్ష ఉన్నది అని అర్థమైనప్పుడు, ఆ శిక్ష కబురు రాకముందు వాజిబ్ అన్న మాటకు చోటే లేదు.

ఇక్కడ ఇమామ్ గజాలీ వాదం నాకు చాలా బలంగా అనిపిస్తుంది. ఉపకారం చేసినవాడికి కృతజ్ఞత చూపాలని బుద్ధి చెబుతుంది కదా అని ఎదుటివాళ్లు అంటే, ఆయన ఇలా జవాబిస్తారు. మనిషి కృతజ్ఞత వల్ల అల్లాహ్‌కు లాభం లేదు, కృతఘ్నత వల్ల నష్టమూ లేదు. మనుషుల్లో కృతజ్ఞత అందుకుంటే సంతోషిస్తారు గనక, దానికి అలవాటుపడిన మన మనసు అల్లాహ్ విషయంలోనూ అలాగే ఊహించుకుంటుంది. అంతే కాదు, ఒక మహారాజు అంతరంగ విషయాలను ఆరా తీయబోయిన సామాన్యుణ్ణి ‘నీకెందుకురా’ అని దండించే అవకాశమూ ఉంటుంది. అలాంటప్పుడు కబురు రాకముందు బుద్ధికి ఈ రెండు వైపులూ సమానంగానే కనబడతాయి.

మాతురీదీలు దీనికి ‘హిక్మత్’తో, అంటే అల్లాహ్ వివేకంతో జవాబు చెబుతారు. ఆయన వివేకవంతుడని తెలిశాక, కృతజ్ఞుణ్ణీ కృతఘ్నుణ్ణీ ఒకేలా చూస్తాడని అనడం ఆ వివేకానికి సరిపడదు అంటారు. అష్అరీలేమో ‘ఆయన చేసేదాని గురించి ఆయన్ను అడగరు’ అన్న ఆయత్ (21:23) ముందు పెడతారు. నా ఉద్దేశంలో రెండు వర్గాల మధ్య గల తేడాకు వేరు ఇక్కడే ఉంది. అది బుద్ధి గురించిన తగాదా కంటే ఎక్కువగా అల్లాహ్ వివేకాన్ని మనం ఎంతవరకు అర్థం చేసుకోగలం అన్న తగాదా.

ఇక మీరు అడిగిన మనిషి దగ్గరికి వద్దాం. పాత పుస్తకాల్లో ఇతనికి పేరే ఉంది, ‘కొండ కొన మీద పెరిగినవాడు’. ఎవరూ రాని చోట పుట్టాడు, అక్కడే పెద్దవాడయ్యాడు, ఏ ప్రవక్త గురించీ వినలేదు. బుద్ధి మాత్రం ఆరోగ్యంగా ఉంది. పండితులు ఇతని గురించి మాట్లాడేటప్పుడు మూడు స్థితులు వేరుచేస్తారు. ఒకటి, అతను ఏమీ అనుకోలేదు, దేవుడున్నాడనీ లేడనీ దేన్నీ నమ్మలేదు, ఆ ఆలోచనే రాలేదు. రెండు, ఒక రాయిని దేవుడనుకుని మొక్కాడు. మూడు, చుక్కల్ని, వానల్ని, తన శరీరాన్ని చూసి వీటిని చేసినవాడు ఒక్కడున్నాడని నమ్మాడు.

మూడోవాడి విషయంలో చిక్కు లేదు, అతనికి శిక్ష ఉందని ఈ రెండు వర్గాల్లో ఎవరూ అనరు. మిగతా ఇద్దరి గురించే చర్చ.

అష్అరీల దగ్గర ఇద్దరికీ సాకు ఉంది. రాయికి మొక్కినవాడికి కూడా. అతను చేసింది సత్యమని కాదు, తప్పే. కానీ ఆ తప్పుకు శిక్ష పడాలంటే ముందు కబురు అందాలి. వాళ్ల ఆధారం ‘మేము ఒక ప్రవక్తను పంపేదాకా ఎవరినీ శిక్షించం’ అన్న ఆయత్ (17:15). సమర్‌ఖంద్ వాళ్ల దగ్గర రాయికి మొక్కినవాడికి సాకు లేదు. ఏమీ ఆలోచించనివాడికి కూడా, ఆలోచించుకునే సమయం దొరికి ఉంటే, సాకు లేదు.

ఆ సమయం దగ్గర హనఫీ ధర్మశాస్త్ర మూలసూత్రాల పండితుడు ఫఖ్రుల్ ఇస్లామ్ బజ్దవీ (హిజ్రీ 482లో పోయారు) చేసిన విభజన నాకు చాలా నచ్చుతుంది. బుద్ధి ఉండటం ఒక్కటే చాలదంటారాయన. కబురు అందనివాడు దేన్నీ నమ్మకుండా ఉండిపోతే సాకు ఉన్నవాడే. కానీ అవిశ్వాసాన్ని నమ్మి ఎంచుకున్నాడంటే ఆలోచించాడన్నమాటే, ఆలోచించి తప్పు వైపు వెళ్లాడు, కాబట్టి సాకు లేదు. అలాగే, ఏమీ నమ్మనివాడికి కూడా అల్లాహ్ జీవితానుభవాన్ని, పర్యవసానాలు గ్రహించేంత గడువును ఇస్తే, ఆ తర్వాత సాకు చెల్లదు. గడువు ఎంత అంటే, ఇంత అని తేల్చే ఖచ్చితమైన ఆధారం లేదు. మనిషి మనిషికి బుద్ధి తేడాగా ఉంటుంది గనక గడువు కూడా తేడాగానే ఉంటుంది. అంటే ఈ లెక్క చివరికి అల్లాహ్‌కు తప్ప మనకు తేలేది కాదు.

మరి 17:15 ఆయత్‌ను సమర్‌ఖంద్ వాళ్లు ఏం చేశారు? పక్కన పెట్టలేదు. అక్కడ చెప్పిన శిక్ష గత జాతులను తుడిచిపెట్టినటువంటి ఇహలోక శిక్ష అని కొందరు, వహీ ద్వారా మాత్రమే తెలిసే ఆజ్ఞల విషయంలో అని కొందరు వివరించారు. తమ వైపు ఆధారంగా ఇబ్రాహీం ప్రవక్త (అలైహిస్సలాం) మాటను చూపించారు. ఆయన తండ్రితో ‘మీరూ మీ జాతివారూ స్పష్టమైన తప్పుదారిలో ఉన్నట్టు నాకు కనబడుతోంది’ అన్నారు (6:74). ‘నాకు వహీ వచ్చింది’ అనలేదు, ‘కనబడుతోంది’ అన్నారు. అంటే వహీ లేకుండానే వాళ్ల తప్పు తెలిసిపోయేటంత స్పష్టంగా ఉంది, వాళ్లకు సాకు లేదు అని వీళ్ల వాదన. నరకవాసులు ‘మేము విని ఉంటే, లేదా బుద్ధి ఉపయోగించి ఉంటే’ అని వాపోయే ఆయత్ (67:10) కూడా చెబుతారు. వినడం ఒకటి, బుద్ధి మరొకటి, రెండూ విడిగా ఉన్నాయి చూడండి అంటారు. నిజాయితీగా నాకు అనిపించేది చెబుతున్నాను: 17:15 పైపై అర్థం అష్అరీల వైపే మొగ్గుతుంది. దాన్ని ఇహలోకానికి పరిమితం చేయాలంటే బయటి నుంచి ఆధారం తెచ్చుకోవాల్సి వస్తుంది. ఇబ్రాహీం (అ) మాటకు మాత్రం ఆ బరువు ఉంది, దాన్ని తేలిగ్గా తీసేయలేం.

అష్అరీల మీద ఒక గట్టి అభ్యంతరం ఉంది. మొదట దీన్ని ముఅతజిలాలు లేవనెత్తారు. ఒక ప్రవక్త వచ్చి, ‘నా మహిమను చూడు, ఆలోచించు’ అన్నాడనుకోండి. ఎదుటివాడు ఇలా అంటాడు: ‘చూడటం నా మీద వాజిబ్ అయితేనే చూస్తాను. వాజిబ్ అనేది షరీఅత్ వల్లే అని మీరే అంటున్నారు. ఆ షరీఅత్ నిజమని నాకు తెలియాలంటే ముందు నేను చూడాలి. నేను చూడను.’ ఇక ప్రవక్త నోరు మూతపడినట్టే కదా? చర్చల్లో ఎవరైనా ఈ ప్రశ్న వేస్తే చాలామంది అష్అరీ విద్యార్థులు తడబడతారు. నేనూ తడబడ్డాను.

దీనికి అష్అరీలు రెండు జవాబులు చెబుతారు. మొదటిది, ఈ చిక్కు మీకూ ఉందిగా అని. ‘బుద్ధి ప్రకారం ఆలోచించడం వాజిబ్’ అన్నది పుట్టుకతో తెలిసే సంగతి కాదు, అది తెలియడానికీ ఆలోచించాలి. ‘ఆలోచించడం వాజిబని తెలిసేదాకా ఆలోచించను’ అని ఒకడు భీష్మిస్తే మీరేం చేస్తారు? రెండో జవాబే అసలైనది. ఒక బాధ్యత నా మీద పడటానికి అది పడిందని నాకు ముందే తెలియనక్కర్లేదు, తెలుసుకునే వీలు ఉంటే చాలు. ఇమామ్ గజాలీ దీనికి ఒక ఉదాహరణ చెప్పారు. ఒకడు వచ్చి, ‘నీ వెనక సింహం ఉంది, పారిపో, నా మాట నమ్మకపోతే వెనక్కి తిరిగి చూడు’ అన్నాడు. ఇతను, ‘నువ్వు నిజం చెబుతున్నావని తెలిసేదాకా నేను తిరగను, తిరిగి చూస్తేగానీ నీ నిజం తెలియదు’ అని నిలబడ్డాడు. ఆ వాదనలో చెప్పినవాడికి నష్టమేమీ లేదు, సింహమూ ఆగదు. హెచ్చరిక అందింది, చూసే కళ్లున్నాయి, అంతకంటే కావాల్సింది లేదు.

ఈ ఉదాహరణను మళ్లీ చదవండి భాయ్. చూసే కళ్లంటే బుద్ధి. అష్అరీ దారిలోనూ, కబురు తెచ్చినవాడు నిజం చెబుతున్నాడో లేదో తేల్చేది బుద్ధే. కబురు రాకముందు అతన్ని నిలదీయకూడదు అన్నదొక్కటే వాళ్ల మాట.

ఇంకో సంగతి. ‘మాతురీదీలు అందరూ ఇలా అంటారు’ అని రాసేవాళ్లు బుఖారాను మర్చిపోతారు. సమర్‌ఖంద్‌కు 300 కిలోమీటర్ల లోపే ఉన్న బుఖారాలో హనఫీ పండితులు ఈ ఒక్క విషయంలో అష్అరీలతో ఏకీభవించారు: కబురు రాకముందు ఏదీ వాజిబ్ కాదు. మరి తమ ఇమామ్ అబూ హనీఫా వాక్యాలు? ఎవరికీ సాకు లేదన్నది ప్రవక్త వచ్చిన తర్వాతి మాట అన్నారు. వాజిబ్ అయ్యుండేది అన్నచోట ‘తెలుసుకోవడం తగిన పని’ అని అర్థం చెప్పారు. ఈ వివరణను హనఫీ పండితుడు ఇబ్నుల్ హుమామ్ (హిజ్రీ 861లో పోయారు) నమోదు చేశారు. కాబట్టి ఇది రెండు కూటముల మధ్య సరిహద్దు గీత కాదు, ఆ గీత హనఫీల ఇంటి మధ్యలోంచే పోతుంది. ఎవరైనా మీకు మాతురీదీ అభిప్రాయం చెబితే, సమర్‌ఖంద్‌దా, బుఖారాదా అని అడగండి. జవాబు చెప్పలేకపోతే, అతను సారాంశం చదివాడుగానీ పుస్తకం చదవలేదని అర్థం.

ఇదే గీత పిల్లల విషయంలోనూ కనబడుతుంది. మంచీ చెడూ తెలిసిన, కానీ ఇంకా యుక్తవయసు రాని పిల్లవాడి మీద అల్లాహ్‌ను తెలుసుకునే బాధ్యత ఉందా? ఇమామ్ మాతురీదీ ఉందన్నారు, ఎందుకంటే ఆయన లెక్కలో దీనికి కావాల్సింది బుద్ధి, వయసు కాదు. అష్అరీలు లేదన్నారు, వాళ్ల దగ్గర ఏ బాధ్యతకైనా యుక్తవయసు షరతు. పైన చెప్పిన బజ్దవీ ఇక్కడా నడుమ దారిలోనే ఉన్నారు: ఆ పిల్లవాడు విశ్వాసం ప్రకటిస్తే చెల్లుతుంది, కానీ ప్రకటించడం అతని మీద వాజిబ్ కాదు. ఎవరైనా తమ సిద్ధాంతాన్ని చివరిదాకా నిలకడగా తీసుకెళ్లారా లేదా చూడటానికి ఈ పిల్లవాడి ప్రశ్న మంచి పరీక్ష.

మన ఊరికి ఇది దూరపు విషయమేమీ కాదు. హైదరాబాద్ ముస్లింలలో ఎక్కువమంది హనఫీలు, బార్కస్‌లోని హద్రమీ అరబ్బులు షాఫయీలు. హనఫీలకు మాతురీదీ, షాఫయీలకు అష్అరీ సంప్రదాయం తరతరాలుగా తోడుగా వచ్చింది. అంతకంటే చెప్పుకోదగ్గది, ఈ రెండు వర్గాల తేడాల మీదే అబూ ఉజ్బా అనే పండితుడు రాసిన ‘అర్రౌజతుల్ బహియ్యా’ అచ్చయింది హైదరాబాద్‌లోనే, హిజ్రీ 1322లో (క్రీ.శ. 1904). అందులో తాజుద్దీన్ సుబ్కీ (హిజ్రీ 771లో పోయారు) లెక్కను అనుసరించి మొత్తం 13 తేడాలు చూపించారు. వాటిలో 7 మాటల్లోనే తేడా, 6 అర్థంలో తేడా. మనం మాట్లాడుకుంటున్నది ఆ ఆరింటిలో ఒకటి. అందుకే దీన్ని ‘ఉత్త మాటల తేడా’ అని కొట్టేయడం సరికాదు. అదే సమయంలో, సుబ్కీ స్వయంగా అష్అరీ, షాఫయీ అయ్యుండి కూడా, ఈ తేడాల వల్ల ఎవరూ ఎవరినీ దారి తప్పినవాడు అనకూడదన్నారు.

చివరగా, మీ ప్రశ్నలో కొండ మీది మనిషి ఒక్కడే లేడనుకుంటున్నాను. ఈ రోజుల్లో మాట చెవిన పడనివాళ్లు తక్కువ, తప్పుగా పడినవాళ్లు ఎక్కువ. ఇమామ్ గజాలీ ‘ఫైసలుత్తఫ్రిఖా’లో ముస్లిమేతరులను మూడు రకాలుగా చెప్పారు. దైవప్రవక్త ముహమ్మద్ (స) పేరే విననివాళ్లు, వాళ్లకు సాకు ఉంది. ఆయన పేరు, గుణగణాలు, మహిమలు సరిగ్గా విని, ముస్లింల మధ్య మెలిగి కూడా కాదన్నవాళ్లు, వాళ్లకు సాకు లేదు. ఈ రెంటి నడుమ మూడోవాళ్లు: పేరు విన్నారు, కానీ చిన్నప్పటి నుంచీ ఆయన అబద్ధీకుడని, మోసగాడని మాత్రమే విన్నారు. వీళ్లను గజాలీ మొదటివాళ్లతోనే కలిపారు, ఎందుకంటే అలాంటి మాట విన్నవాడికి ఆరా తీయాలన్న ఆలోచనే కలగదు. అష్అరీ సూత్రానికి ఇది నేరుగా వచ్చే ఫలితం: కబురు అందడమంటే శబ్దం చెవిలో పడటం కాదు, ఆలోచించాలనిపించేలా అందడం. సమర్‌ఖంద్ పద్ధతిలో చూస్తే, ఈ మూడోవాడు ప్రవక్తను ఎరగకపోవడానికి సాకు ఉండొచ్చుగానీ, ఆకాశాన్ని చూస్తూ సృష్టికర్తను ఎరగకపోవడానికి ఉండదు.